'కాస్ట్స్ నిల్' అని రాసే ముందు: యూరిన్ డిపాజిట్ ఎలా తయారుచేయాలి, ఎలా చూడాలి

బెంగళూరు మారతహళ్లిలో మా ల్యాబ్ చిన్నది. చుట్టుపక్కల పీజీల నుంచి సాఫ్ట్‌వేర్ పిల్లలు, కట్టే బిల్డింగుల దగ్గరి రేకుల షెడ్ల నుంచి కూలీలు వస్తారు. రెండు వైపులా తెలుగువాళ్లే ఎక్కువ. ఒక వేసవి పొద్దున కర్నూలు వైపు నుంచి వచ్చిన ఒక తాపీ మేస్త్రి కొడుకు, ఎనిమిదేళ్ల బాబు శాంపిల్ వచ్చింది. లేవగానే మొహం ఉబ్బి ఉంటోందని, యూరిన్ డికాక్షన్ రంగులో పోతున్నాడని వాళ్లమ్మ చెప్పింది. మూడు వారాల కింద కాళ్ల మీద పుండ్లు లేచి మానాయట.

ఆ రోజు డిపాజిట్, అంటే యూరిన్ తిప్పాక అడుగున చేరేది, చూసింది కొత్తగా చేరిన అనంతపురం అబ్బాయి. రిపోర్టులో ఆర్‌బీసీ, అంటే ఎర్ర కణాలు, 'ప్లెంటీ' అని, పస్ సెల్స్, అంటే తెల్ల కణాలు, 6-8 అని, కాస్ట్స్ 'నిల్' అని రాశాడు. మధ్యాహ్నం పిల్లల డాక్టర్ ఫోన్ చేసి, "కాస్ట్స్ నిజంగా లేవా, ఇంకోసారి చూస్తారా?" అని అడిగారు. నేను వాడి దగ్గరికి వెళ్లాను.

"సెంట్రిఫ్యూజ్‌లో ఏ స్పీడులో తిప్పావు?"

"రోజూ తిప్పినట్టే అక్కా, మూడువేల ఐదొందలు."

"శాంపిల్ ఎప్పటిది?"

"హోమ్ కలెక్షన్ అక్కా. సిల్క్ బోర్డు దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నామన్నారు. పదకొండున్నరకు వచ్చింది."

తీసింది ఏడింటికి. నాలుగున్నర గంటలు బైకు వెనక పెట్టెలో ఎండకు తిరిగింది. తరువాత రక్తం ట్యూబులు తిప్పే స్పీడులోనే దీన్నీ తిప్పారు. అందులో కాస్ట్ మిగిలి ఉంటే ఆశ్చర్యపోవాలి. తప్పు వాడిది అనలేను, ఆ స్పీడు మార్చమని ఎవరమూ చెప్పలేదు. ఆ బాబు శాంపిల్‌నే పట్టుకుని, మొదటి నుంచి ఎలా చేయాలో చెబుతాను. మీ కౌంటర్ మీద ఉన్న సెంట్రిఫ్యూజ్, మైక్రోస్కోప్ చాలు.

కాస్ట్ అంటే ఏమిటో ముందు తెలియాలి

కిడ్నీలోని సన్నటి గొట్టాల గోడల నుంచి యూరోమాడ్యులిన్ అనే ప్రోటీన్ ఊరుతుంది. 1950లో టామ్, హార్స్‌ఫాల్ అనే ఇద్దరు దీన్ని వేరుచేసి వివరించారు కాబట్టి పాత పుస్తకాల్లో టామ్-హార్స్‌ఫాల్ ప్రోటీన్ అని కనిపిస్తుంది. యూరిన్ చిక్కగా, పుల్లగా ఉన్నప్పుడు, పారే వేగం తగ్గినప్పుడు ఈ ప్రోటీన్ గొట్టాల చివరి భాగంలో జెల్లీలా గడ్డకడుతుంది. జంతికల గొట్టంలోంచి పిండి ఆ చిల్లు మందానే వచ్చినట్టు, ఇది కూడా కిడ్నీ గొట్టం మందాన, గొట్టం ఆకారంలోనే బయటకు కొట్టుకొస్తుంది. గడ్డకట్టేటప్పుడు ఆ గొట్టంలో ఏముంటే అది లోపల ఇరుక్కుంటుంది.

దాని విలువంతా ఇక్కడే ఉంది. యూరిన్‌లో విడిగా తేలే ఎర్ర కణం కిడ్నీ నుంచి రావచ్చు, రాయి గీసుకుని రావచ్చు, మూత్రాశయం నుంచి రావచ్చు, నెలసరి రక్తం కలిసి కూడా రావచ్చు. కాస్ట్ లోపల ఇరుక్కున్న ఎర్ర కణం మాత్రం కిడ్నీ లోపలిదే. పుండ్లు మానిన మూడు వారాలకు మొహం ఉబ్బిన పిల్లవాడిలో డాక్టర్ అడుగుతున్నది సరిగ్గా ఆ ఒక్క విషయమే.

గడ్డకట్టడానికి పులుపు, చిక్కదనం కావాల్సిన వస్తువు క్షార గుణానికి, పల్చదనానికి కరిగిపోతుంది. గట్టిగా తిప్పితే ముక్కలవుతుంది. అందుకే శాంపిల్ తీసినప్పటి నుంచి లెన్స్ కిందకు వచ్చేదాకా మనం చేసే ప్రతి పనీ దాన్ని బతికించుకోవడానికే.

శాంపిల్

పొద్దున లేచాక పోసే మొదటి యూరిన్ చిక్కగా ఉంటుంది కాబట్టి కాస్ట్స్ కోసం అది మంచిది. మొదట కొంచెం వదిలేసి, మధ్యలోది పట్టించండి. ఆడవాళ్లకు ముందు నీళ్లతో కడుక్కోమని చెప్పండి, నెలసరి రోజుల్లో అయితే వాయిదా వేయమనండి. చెప్పడానికి మొహమాటపడి ఊరుకుంటే స్లైడు నిండా పెద్ద పెద్ద స్క్వేమస్ కణాలు, బ్యాక్టీరియా కనిపిస్తాయి, ఏది ఎక్కడిదో తేలదు.

డబ్బా మీద రాయాల్సిన టైము శాంపిల్ తీసినప్పటిది. మన ల్యాబ్‌కు చేరిన టైము కాదు. చాలా ల్యాబుల్లో బార్‌కోడ్ అంటించిన టైమే ఉంటుంది, దాన్ని చూసి తాజా శాంపిల్ అనుకుంటాం. గంటలోపు చూడగలిగితే మేలు. గది వేడిలో రెండు గంటలు దాటితే నమ్మకండి. నిలవ ఉన్న యూరిన్‌లో బ్యాక్టీరియా పెరిగి, వాటిలో కొన్ని యూరియాను అమ్మోనియాగా మారుస్తాయి. పీహెచ్ 8 వైపు ఎక్కుతుంది. కాస్ట్స్ కరుగుతాయి, కణాలు చితుకుతాయి. ఫ్రిజ్‌లో పెడితే బ్యాక్టీరియా నెమ్మదిస్తుంది గానీ చల్లదనానికి యూరేట్లు ముద్దలుగా దిగి స్లైడును కప్పేస్తాయి. తప్పనిసరైతేనే ఫ్రిజ్.

ఆ బాబు విషయంలో పాత శాంపిల్‌ను మళ్లీ తిప్పి లాభం లేదు. వాళ్లమ్మకు ఫోన్ చేసి, "మళ్లీ డబ్బులేమీ వద్దమ్మా, రేపు పొద్దున బాబును ఇక్కడికే తీసుకురండి, ఇక్కడే పోయించండి" అన్నాను. మరుసటి రోజు 8:10కి శాంపిల్ చేతికి వచ్చింది.

ముందు స్ట్రిప్

డబ్బాను మెల్లగా తిప్పి కలపండి. అడుగున పేరుకున్నది కలవకుండా పైన తేటను వంచుకుంటే మిగతా శ్రమంతా వృథా. స్ట్రిప్‌ను సెంట్రిఫ్యూజ్‌లో తిప్పని యూరిన్‌లోనే ముంచాలి. ఫ్రిజ్‌లోంచి తీసినదైతే గది వేడికి వచ్చాక ముంచండి.

స్ట్రిప్ ఫలితం పక్కన పెట్టుకునే స్లైడు చూడాలి. బాబు స్ట్రిప్‌లో బ్లడ్ 3+, ప్రోటీన్ 2+, పీహెచ్ 6.0, స్పెసిఫిక్ గ్రావిటీ 1.020. అంటే పుల్లటి, చిక్కటి యూరిన్. కాస్ట్ ఉంటే నిలిచి ఉండే పరిస్థితే. ప్రోటీన్, బ్లడ్ రెండూ ఇంతగా ఉంటే కాస్ట్స్ వెతకడానికి పది నిమిషాలు ఎక్కువ కేటాయించాలని ఇక్కడే తెలిసిపోతుంది.

స్ట్రిప్‌కు, స్లైడుకు పొంతన కుదరకపోతే ఆగండి. స్ట్రిప్‌లో బ్లడ్ ఉండి స్లైడులో ఎర్ర కణాలు లేకపోతే, పల్చటి యూరిన్‌లో అవి పగిలిపోయి ఉండొచ్చు. లేదంటే అది కండరాల నుంచి వచ్చే మయోగ్లోబిన్ కావచ్చు. తలకిందులుగా, స్లైడులో 'ఆర్‌బీసీలు' కనిపించి స్ట్రిప్‌లో బ్లడ్ లేకపోతే, మీరు చూస్తున్నవి ఈస్ట్ కావచ్చు. మా పీజీ పిల్లల్లో ఇంకో కారణం కూడా ఉంటుంది. విటమిన్ సి బిళ్లలు ఎక్కువగా మింగితే స్ట్రిప్ మీద బ్లడ్ గడి రంగు మారకపోవచ్చు.

తిప్పడం

కోసుగా ఉన్న గ్రాడ్యుయేటెడ్ ట్యూబులో సరిగ్గా 10 మిల్లీలీటర్లు పోయండి. 400 జీ దగ్గర 5 నిమిషాలు తిప్పండి. ఇక్కడే చాలామంది దారి తప్పుతారు. జీ అంటే ట్యూబు మీద పడే బలం, లెక్కలో దాన్నే RCF అంటారు. ఆర్‌పీఎం అంటే నిమిషానికి తిరిగే చుట్లు. ఒకే ఆర్‌పీఎం పెద్ద మెషీన్‌లో ఎక్కువ బలం, చిన్న మెషీన్‌లో తక్కువ బలం ఇస్తుంది. లెక్క ఇది:

```
RCF = 1.118 × 10⁻⁵ × r × rpm²
```

ఇందులో r అంటే సెంట్రిఫ్యూజ్ మధ్య ఇరుసు నుంచి, బకెట్ అడ్డంగా చాపుకున్నప్పుడు ట్యూబు అడుగు వరకు ఉన్న దూరం, సెంటీమీటర్లలో. ప్లగ్గు తీసేసి, బకెట్‌ను చేత్తో అడ్డంగా లేపి స్కేలుతో కొలవండి. మా మెషీన్‌లో అది 15 సెంటీమీటర్లు. 400 జీకి సుమారు 1550 ఆర్‌పీఎం చాలు. 10 సెంటీమీటర్ల మెషీన్ అయితే దాదాపు 1900 కావాలి. మేం తిప్పుతున్న 3500 దగ్గర మా మెషీన్‌లో పడేది 2000 జీ పైమాటే, కావాల్సినదానికి అయిదింతలు. రక్తం గడ్డ నుంచి సీరం విడదీయడానికి పెట్టిన స్పీడు అది. ఒక్క మెషీన్‌తో రెండు పనులూ చేసే చిన్న ల్యాబుల్లో రోజూ జరిగేది ఇదే.

అంత బలానికి కాస్ట్స్ అడుగున నొక్కుకుపోయి, మళ్లీ కలిపేటప్పుడు తునిగిపోతాయి. ఎర్ర కణాలు నిండిన కాస్ట్ మరీ పెళుసు. అది విడిపోతే స్లైడులో మిగిలేది విడి ఎర్ర కణాలే. మా వాడు రాసిన 'ప్లెంటీ'లో ఎన్ని అలా విడిపోయినవో చెప్పలేను.

తిరగడం ఆగేటప్పుడు బ్రేక్ వేయొద్దు. దానంతట అది ఆగాలి. చేత్తో ఆపితే, లేదా బ్రేక్ బటన్ నొక్కితే అడుగున చేరినది మళ్లీ పైకి లేస్తుంది.

తరువాత పైన ఉన్న తేటను పిప్పెట్‌తో లాగి, కింద 0.5 మిల్లీలీటర్ గీత దగ్గర ఆపండి. ట్యూబును సింకులో ఒక్కసారి బోర్లించడం మన దగ్గర మామూలే, కానీ ఒకసారి కొంచెం మిగులుతుంది, ఇంకోసారి ఎక్కువ మిగులుతుంది, కణాల లెక్కకు అర్థం లేకుండా పోతుంది. 10 నుంచి 0.5కు తెస్తే 20 రెట్లు చిక్కబడుతుంది. అదే మీరు 5 మిల్లీలీటర్లు తిప్పి 1 మిల్లీలీటర్ మిగిల్చితే 5 రెట్లే. ఒకే మనిషి, ఒకే యూరిన్, లెక్క మాత్రం పావు వంతు. పిల్లల శాంపిల్ 10 మిల్లీలీటర్లు రాకపోతే ఎంత వచ్చిందో, ఎంత తిప్పామో రిపోర్టులోనే రాయండి.

మిగిలిన అర మిల్లీలీటర్‌ను కలపడానికి ట్యూబు అడుగును వేలితో నాలుగైదుసార్లు మెల్లగా తట్టండి. వోర్టెక్స్ మెషీన్ మీద పెట్టొద్దు. పిప్పెట్‌తో బుడగలు వచ్చేలా ఊదొద్దు.

స్లైడు, వెలుతురు

మైక్రోపిప్పెట్‌తో 20 మైక్రోలీటర్లు స్లైడు మీద వేసి, 22×22 మిల్లీమీటర్ల కవర్‌స్లిప్‌ను ఒక అంచు నుంచి వంచుతూ దించండి. బుడగలు రాకూడదు, అంచుల్లోంచి కారకూడదు. కారితే డ్రాప్ ఎక్కువైనట్టు. కారేటప్పుడు బరువైన కాస్ట్స్ ముందు కొట్టుకుపోతాయి, కాబట్టి మళ్లీ వేయండి. ఒక నిమిషం అలా వదిలేస్తే అన్నీ ఒకే లోతుకు దిగుతాయి.

ఇప్పుడు వెలుతురు తగ్గించాలి. బ్లడ్ స్మియర్ చూసి అదే వెలుతురులో యూరిన్ స్లైడు పెడితే, లోపల కణాలేమీ ఇరుక్కోని, రంగులేని హయలిన్ కాస్ట్ కళ్ల ముందే ఉన్నా కనిపించదు. దాని వక్రీభవన గుణం యూరిన్‌తో దాదాపు సమానం, నీళ్లలో వేసిన గాజు ముక్క లాంటిదే. కండెన్సర్‌ను కిందకు దించండి, ఐరిస్‌ను సగానికి పైగా మూయండి. ఫీల్డ్ కాస్త మసకగా, బూడిద రంగుగా ఉండాలి. ఫైన్ ఫోకస్ మీద వేలు ఆపకుండా అటూ ఇటూ ఆడిస్తూ ఉండండి. అలా ఆడిస్తుంటే హయలిన్ కాస్ట్ అంచులు తళుక్కుమని కనిపించి మాయమవుతాయి. ఒక్కసారి పట్టుకున్నాక కన్ను అలవాటు పడుతుంది.

మొదట 10ఎక్స్ లెన్స్‌తో మొత్తం కవర్‌స్లిప్ తిరగండి. కాస్ట్స్ అంచుల వైపు చేరతాయని పెద్దవాళ్లు చెబుతారు, నేనూ ముందు నాలుగు అంచులే చూస్తాను. తరువాత పొలం దున్నినట్టు సాలు మీద సాలు మధ్య భాగమంతా చూస్తాను. అనుమానంగా ఏదైనా కనిపిస్తేనే 40ఎక్స్‌కు మారండి. నేరుగా 40ఎక్స్ పెట్టి నాలుగు ఫీల్డులు చూసి 'నిల్' రాసేవాళ్లే ఎక్కువ. మొత్తం స్లైడులో నాలుగే కాస్ట్స్ ఉంటే ఆ నాలుగు ఫీల్డుల్లో ఒకటి పడడం లాటరీయే.

బాబు స్లైడులో ఏం కనిపించింది

రెండో శాంపిల్ స్లైడు 8:30కల్లా లెన్స్ కింద ఉంది. ఎడమ అంచు దగ్గర, 10ఎక్స్‌లో, నారింజకు గోధుమకు మధ్య రంగులో పొట్టి కడ్డీ లాంటిది ఒకటి కనిపించింది. మావాడిని పిలిచి చూడమన్నాను.

"ఆర్‌బీసీలు గుంపుగా ఉన్నాయి అక్కా" అన్నాడు.

గుంపు కాదని ఎలా చెప్పాలి? నేను నాలుగు విషయాలు చూస్తాను. మొదటిది, రెండు పక్కల గీతలు సమాంతరంగా ఉండాలి. రెండోది, కనీసం ఒక చివర గుండ్రంగా ఉండాలి, ఇంకో చివర విరిగి ఉన్నా పర్వాలేదు. మూడోది అసలైన పరీక్ష: 40ఎక్స్‌లో ఫోకస్ పైనుంచి కిందకు దించుతూ పోతే, కణాలు ఒక జెల్లీలో వేర్వేరు లోతుల్లో పొదిగి ఉన్నట్టు ఒక్కొక్కటీ పదునెక్కి మసకబారాలి. మ్యూకస్ దారానికి అంటుకున్న కణాలైతే అన్నీ ఒకే లోతులో, దారం అంచున వేలాడుతున్నట్టు ఉంటాయి. నాలుగోది, కణాల మధ్య ఖాళీ చోట కూడా ఆ జెల్లీ పదార్థం మసకగా కనిపించాలి. ఈ కడ్డీకి నాలుగూ ఉన్నాయి. మొత్తం కవర్‌స్లిప్ తిరిగేసరికి ఇలాంటివి ఏడు దొరికాయి. రెండింటిలో కణాల అంచులు చెరిగిపోయి ఎర్రటి గోధుమ రంగు గరుకు ముద్దలా ఉన్నాయి. ఎర్ర కణాల కాస్ట్ పాతబడితే అలాగే మారుతుంది.

అంతటితో వదలకుండా విడి ఎర్ర కణాల ఆకారం కూడా చూశాం. మామూలు ఎర్ర కణం న్యూక్లియస్ లేని లేత బిళ్ల, దాదాపు 7 మైక్రాన్లు. చిక్కటి యూరిన్‌లో నీరు పోయి అంచంతా ముళ్లు ముళ్లుగా ముడుచుకుంటుంది. దాన్ని చూసి కిడ్నీ జబ్బు అనుకోకండి. కిడ్నీ వడపోత గోడలోంచి నలిగి వచ్చిన కణం వేరుగా ఉంటుంది. ఉంగరంలా మధ్య ఖాళీగా ఉండి, అంచు నుంచి ఒకటో రెండో మూడో బుడిపెలు పొడుచుకువస్తాయి. అకాంతోసైట్ అంటారు. ఎర్ర కణాల్లో 5 శాతం, అంతకు మించి ఇవి ఉంటే రక్తం కిడ్నీ వడపోత నుంచే వస్తోందనడానికి గట్టి ఆధారంగా తీసుకుంటారు. మేం 100 ఎర్ర కణాలు లెక్కపెడితే 14 ఇలాంటివి. ఫేజ్ కాంట్రాస్ట్ మైక్రోస్కోప్ ఉంటే ఇది సులువు, మా దగ్గర లేదు. మామూలు మైక్రోస్కోప్‌తో ఐరిస్ బాగా మూసి, ఓపికగా చూశాం.

డాక్టర్‌కు ఫోన్‌లో ముందే చెప్పాను. ఆయన సీ3, ఏఎస్‌ఓ అనే రక్త పరీక్షలు రాశారు, బాబు బీపీ చూడడానికి వెంటనే రమ్మన్నారు. జబ్బు పేరు పెట్టడం ఆయన పని. మన పని చూసింది చూసినట్టు రాయడం.

మిగతా కాస్ట్స్

హయలిన్ కాస్ట్ ఒకటీ రెండూ కనిపిస్తే కంగారు లేదు. జిమ్‌లో గంటన్నర చేసి నేరుగా వచ్చిన పీజీ కుర్రాళ్లలో, ఎండలో నీళ్లు తాగకుండా పనిచేసిన కూలీల్లో ఇవి బాగా కనిపిస్తాయి, తరువాత పోతాయి. తెల్ల కణాలు నిండిన కాస్ట్ కిడ్నీలో వాపుకు, ఇన్ఫెక్షన్‌కు గుర్తు. మూత్రాశయంలో మాత్రమే ఇన్ఫెక్షన్ ఉంటే పస్ సెల్స్ ఎన్ని ఉన్నా ఈ కాస్ట్ రాదు. బురద రంగు గరుకు కాస్ట్స్ గుంపులుగా ఉంటే, ముఖ్యంగా ఐసీయూ రోగిలో, కిడ్నీ గొట్టాల గోడలు దెబ్బతిన్నట్టు. వెంటనే ఫోన్ చేయాల్సిన వాటిలో అదొకటి. మైనపు కాస్ట్ అంచులు పదునుగా, పక్కల చీలికలతో, విరిచిన కొవ్వొత్తి ముక్కలా ఉంటుంది. చాలాకాలంగా పాడైన కిడ్నీల్లో చూస్తాం.

కాస్ట్ అని మోసపోయేవి కూడా చెప్పాలి. దూది పోగు, బట్ట పోగు బాగా మెరుస్తాయి, అంచులు నల్లగా ఉంటాయి, మెలితిరుగుతాయి. పొడవు ఫీల్డు దాటిపోతుంది. మ్యూకస్ దారానికి రెండు పక్కలు సమాంతరంగా ఉండవు, చివర సాగిపోయి తోకలా ఉంటుంది. స్లైడు మీద గీత అయితే ఫోకస్ వేరే లోతులో దొరుకుతుంది.

కణాలు

పస్ సెల్ ఎర్ర కణం కంటే ఒకటిన్నర నుంచి రెండు రెట్లు పెద్దది, లోపల గరుకుగా ఉంటుంది. దీనితో గొడవ తక్కువ. గొడవంతా ఎర్ర కణానికి, ఈస్ట్‌కు, కాల్షియం ఆక్సలేట్ మోనోహైడ్రేట్ గుడ్డు ఆకారపు స్ఫటికానికి మధ్య. ఈస్ట్‌లు రకరకాల సైజుల్లో, కోలగా ఉంటాయి. కొన్నిటికి పక్కన చిన్న మొగ్గ ఉంటుంది. నూనె చుక్కలు, గాలి బుడగలు మరీ గుండ్రంగా, చుట్టూ నల్లటి వలయంతో మెరుస్తాయి.

అనుమానం తీరకపోతే వేరే స్లైడు మీద ఒక చుక్క డిపాజిట్, పక్కన ఒక చుక్క 2 శాతం అసిటిక్ యాసిడ్ వేసి కలపండి. ఎర్ర కణాలు మాయమవుతాయి. ఈస్ట్, ఆక్సలేట్ అలాగే ఉంటాయి. తెల్ల కణాల న్యూక్లియస్ స్పష్టంగా తేలుతుంది. అసలు ట్యూబులో మాత్రం యాసిడ్ పోయకండి. ఒకసారి పోశాక ఆర్‌బీసీ లెక్క ఇక తిరిగి రాదు.

కిడ్నీ గొట్టపు కణం దాదాపు పస్ సెల్ లాగే ఉంటుంది, కొంచెం పెద్దది. దాని న్యూక్లియస్ ఒక్కటే, గుండ్రంగా, ఒక పక్కకు ఉంటుంది. పస్ సెల్ న్యూక్లియస్ ముక్కలు ముక్కలుగా ఉంటుంది. తేడా తెలియడానికి కూడా పై అసిటిక్ యాసిడ్ స్లైడే పనికొస్తుంది.

స్ఫటికాలు

కొత్తవాళ్లు ఎక్కువ చదివేది, రిపోర్టులో తక్కువ పనికొచ్చేది ఈ భాగమే. చాలా స్ఫటికాలు శాంపిల్ చల్లబడినందుకు పుట్టినవే. ముందు పీహెచ్ చూడండి, సగం జాబితా అక్కడే పోతుంది. పుల్లటి యూరిన్‌లో యూరిక్ యాసిడ్ పసుపు-గోధుమ రంగులో వజ్రం బిళ్లల్లా, పీపాల్లా కనిపిస్తుంది. కాల్షియం ఆక్సలేట్ డైహైడ్రేట్ అంటే మనందరికీ తెలిసిన కవరు గుర్తు, మధ్యలో కత్తెర గీతలు. ఇది పుల్లటి యూరిన్‌లోనే కాక తటస్థంగా ఉన్నప్పుడూ వస్తుంది. క్షార యూరిన్‌లో ట్రిపుల్ ఫాస్ఫేట్ శవపేటిక మూతలా ఉంటుంది. పీహెచ్ 8.5తో నాలుగు గంటల నాటి శాంపిల్‌లో ఇవి నిండుగా ఉంటే, రోగిని అనుమానించే ముందు బైకు పెట్టెను అనుమానించండి.

కాస్ట్స్ వెతికేవాళ్లకు అసలు తలనొప్పి అమార్ఫస్ యూరేట్లతో. ఫ్రిజ్‌లో పెట్టిన పుల్లటి యూరిన్‌లో ఇటుక పొడిలా గులాబీ రంగు ముద్ద దిగుతుంది, స్లైడంతా ఇసుక చల్లినట్టు అయిపోతుంది. అది మ్యూకస్ దారం మీద వరుసగా పేరుకుంటే అచ్చం గరుకు కాస్ట్‌లా కనిపిస్తుంది. ఇంకో ట్యూబులో తిప్పని యూరిన్ పోసి, గోరువెచ్చని నీళ్ల గిన్నెలో కొద్ది నిమిషాలు ఉంచితే చాలావరకు కరుగుతుంది, అప్పుడు తిప్పి చూడండి. కరగకపోతే తాజా శాంపిల్ అడగడమే మేలు. వేడి పెంచుతూ పోతే కణాలు ఉడికిపోతాయి.

ఒక్క స్ఫటికాన్ని మాత్రం ఎప్పుడు చూసినా వదలకండి. రంగు లేని, పలచని ఆరు పలకల బిళ్ల: సిస్టీన్. పుట్టుకతో వచ్చే సిస్టీన్యూరియాలో వస్తుంది, రాళ్లు మళ్లీ మళ్లీ కడతాయి. యూరిక్ యాసిడ్ కూడా అరుదుగా ఆరు పలకలుగా కడుతుంది. పలచటి హైడ్రోక్లోరిక్ యాసిడ్ చుక్క వేస్తే సిస్టీన్ కరుగుతుంది, యూరిక్ యాసిడ్ కరగదు. సీనియర్‌కు చూపించి, డాక్టర్‌కు చెప్పాకే సంతకం పెట్టండి.

రాయడం

కణాలు 40ఎక్స్‌లో కనీసం 10 ఫీల్డులు చూసి ఒక్కో ఫీల్డుకు, అంటే హెచ్‌పీఎఫ్‌కు, ఎన్ని అని, కాస్ట్స్ 10ఎక్స్‌లో ఒక్కో ఫీల్డుకు, అంటే ఎల్‌పీఎఫ్‌కు, ఎన్ని, ఏ రకం అని రాయండి. ఎర్ర కణాల కాస్ట్ మొత్తం స్లైడులో ఒక్కటే కనిపించినా రాయాల్సిందే, సగటు తీస్తే సున్నా వస్తోందని వదిలేయొద్దు. బాబు రిపోర్టులో మేం రాసింది ఇలా: ఆర్‌బీసీ 40-50/హెచ్‌పీఎఫ్, అకాంతోసైట్లు 100లో 14, పస్ సెల్స్ 6-8/హెచ్‌పీఎఫ్, ఆర్‌బీసీ కాస్ట్స్ 0-1/ఎల్‌పీఎఫ్ (మొత్తం కవర్‌స్లిప్‌లో 7), స్ఫటికాలు లేవు, శాంపిల్ తీసిన 20 నిమిషాలకు చూశాం.

శాంపిల్ పాతదైతే కాస్ట్స్ దగ్గర 'నిల్' అని రాయకండి. 'శాంపిల్ ఆలస్యంగా అందింది, కాస్ట్స్ గురించి చెప్పలేం, తాజా శాంపిల్ పంపండి' అని రాయండి. మా మేనేజర్‌కు ఈ వాక్యం నచ్చలేదు, కస్టమర్ అడుగుతాడని. అడిగితే ఫోన్ నాకివ్వమన్నాను.

మిగిలిన డిపాజిట్‌ను డాక్టర్ నుంచి జవాబు వచ్చేదాకా పారేయకుండా ఉంచండి. గ్లవ్స్ లేకుండా ట్యూబులు కడగొద్దు, స్లైడ్లు గాజు చెత్త కోసం పెట్టిన, గుచ్చితే చిల్లు పడని డబ్బాలోకే వెళ్లాలి. మా సెంట్రిఫ్యూజ్ మూత మీద ఇప్పుడు రెండు చీటీలు ఉన్నాయి. మావాడు తెలుగులో 'యూరిన్ 1550, 5 నిమిషాలు, బ్రేక్ వద్దు' అని రాసి అంటించాడు. హౌస్‌కీపింగ్ అమ్మాయి అడిగిందని, కింద కన్నడంలో కూడా అదే రాసి పెట్టాడు.